దీపం పవర్ పెంచకండి, గోడ లైటు తగ్గించండి: పూజ మూల రెండర్ గురించి

ప్రశ్న: బ్లెండర్‌లో మా పూజ మూల చేస్తున్నాను. చెక్కిన టేకు మందిరం, రెండు ఇత్తడి కుందులు, వెనక గోడకి వార్మ్ లైటు. ఎంత చేసినా మొత్తం నారింజ రంగు ముద్దలా వస్తోంది. దీపం వెలుగుతున్నట్టే లేదు, పవర్ పెంచితే ఇత్తడి తెల్లగా పేలిపోతోంది. చెక్కడం కూడా సరిగ్గా కనబడట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు:

ముందు దీపం పవర్ పెంచడం ఆపేయండి. తేడా దీపంలో లేదు, గోడ లైటులో ఉంది. పదహారేళ్లుగా ఇంటీరియర్ రెండర్లు చేస్తున్నాను, విజయవాడలో చిన్న ఆఫీసు, మాకు వచ్చే ప్రతి ఫ్లాట్‌లోనూ పూజ మూల ఉంటుంది కాబట్టి ఈ సీన్ ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. మొదటి రెండేళ్లు నేనూ మీలాగే చేశాను.

చిన్న లెక్క వేద్దాం. నూనె దీపం మంట ఇచ్చే వెలుగు దాదాపు ఒక కొవ్వొత్తి అంత, అంటే ఒక క్యాండెలా. ఆ మంటకి 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పటం మీద 44 లక్స్ దాకా పడుతుంది. అదే 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గోడ మీద 3 లక్స్ కూడా పడదు, ఎందుకంటే దూరం నాలుగింతలైతే వెలుగు పదహారో వంతుకి పడిపోతుంది. ఇప్పుడు గోడ లైటు చూడండి. మీటరుకి 400 ల్యూమెన్ల ఎల్ఈడీ స్ట్రిప్ రెండు మీటర్లు పెట్టారనుకుందాం, మొత్తం 800 ల్యూమెన్లు. అందులో మూడో వంతే గోడ మీద పడినా, నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న గోడకి సగటున వంద లక్స్ వస్తుంది. 3 ఎక్కడ, 100 ఎక్కడ! గోడ మీద దీపం వెలుగు కనబడకపోవడం బ్లెండర్ తప్పు కాదు, అది సరిగ్గానే లెక్కగడుతోంది.

ఇంట్లోనూ ఇంతే కదా. ట్యూబ్‌లైటు వేసి ఉన్న గదిలో దీపం పెడితే మంట కనబడుతుంది గానీ దాని వెలుగు ఎక్కడా కనబడదు. కరెంటు పోయిందనుకోండి, అదే కుంది, అదే వత్తి, ఒక్కసారిగా అమ్మవారి ముఖం మీదకీ పక్కనున్న పసుపు గిన్నె మీదకీ వెలుగు వచ్చేస్తుంది. మీకు రెండర్‌లో కావలసింది ఆ కరెంటు పోయిన క్షణం, కాకపోతే గోడ మీద కాస్త మెత్తటి వెలుగు కూడా మిగలాలి.

అందుకే లైటింగ్ ఎప్పుడూ దీపం నుంచే మొదలుపెట్టండి. గోడ లైటు, సీలింగ్ లైటు, కిటికీ, వరల్డ్ అన్నీ ఆపేసి దీపాలు మాత్రమే ఉంచండి. పాయింట్ లైటు పవర్ 0.05 వాట్ల దగ్గర పెట్టండి, కొవ్వొత్తి లాంటి మంటకి ఆ స్థాయి సరిపోతుంది. చూస్తే సీన్ నల్లగా ఉంటుంది, కంగారుపడి పవర్ ముట్టుకోకండి. కెమెరాతో తీసేటప్పుడు ఏం చేస్తామో అదే చేయండి: రెండర్ ఇంజన్ Cycles లో పెట్టుకుని, రెండర్ సెట్టింగుల్లో Film కింద ఉన్న Exposure పెంచుతూ పోండి. దేవుడి పటం కింది సగం స్పష్టంగా, పై సగం మసకగా, మందిరం శిఖరం దాదాపు చీకట్లోకి వెళ్ళేటట్టు వచ్చాక ఆపండి. అదీ మీ ఎక్స్‌పోజర్. ఇక దాన్ని కదపొద్దు. ఇప్పుడు గోడ లైటు ఆన్ చేసి, సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచండి. గోడ మీద వెలుగు కనబడటం మొదలై, పటం మీద దీపం వెలుగు ఇంకా విడిగా తెలుస్తున్నంత వరకే పెంచాలి. మామూలుగా అది అసలు స్ట్రిప్ ఇచ్చే వెలుగులో పదో వంతు దగ్గర ఆగుతుంది. ఇది మోసం కూడా కాదు, నిజం ఇంట్లో ఆ స్ట్రిప్‌కి డిమ్మర్ పెట్టిస్తే సరిగ్గా ఇదే దొరుకుతుంది. నేను డ్రాయింగ్‌లో డిమ్మర్ అని రాసి మరీ ఇస్తాను.

దీపం నిజంగా పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మంటని అలాగే కనబడనిచ్చి, దాని పాయింట్ లైటుని మాత్రం ఆపేసి ఇంకో రెండర్ తీయండి, రెండూ పక్కపక్కన పెట్టండి. పెద్ద తేడా కనబడకపోతే మీ సీన్‌లో దీపం బొమ్మ మాత్రమే ఉంది, వెలుగు లేదు.

ఇక రంగు ముద్ద సంగతి. మీరు గోడ లైటునీ దీపాన్నీ రెండిటినీ 2000 కెల్విన్ చుట్టుపక్కల పెట్టి ఉంటారు, దాదాపు అందరూ చేసేదే. దాని మీద టేకు గోధుమ రంగు, ఇత్తడి పసుపు, గోడకి క్రీమ్ పెయింట్. వేడి రంగు మీద వేడి రంగు పడితే ఏదీ విడిగా కనబడదు. దీపం పసుపుగా కనబడాలంటే దాని పక్కన అంత పసుపు కానిది ఒకటి ఉండాలి. కాబట్టి మంటకి Blackbody నోడ్‌లో 1900 ఇవ్వండి, గోడ లైటుకి 3000 ఇవ్వండి, షాపులో వార్మ్ వైట్ అని అమ్మేది కూడా 2700 నుంచి 3000 మధ్యలోదే. ఇంతటితో సరిపోదు. బ్లెండర్ తెలుపు అనుకునేది 6500 కెల్విన్‌ని, దాని ముందు 3000 కూడా గట్టి నారింజగానే వస్తుంది. మన కళ్ళు అలా చూడవు, గదిలో రెండు నిమిషాలు కూర్చుంటే వార్మ్ లైటు మామూలు తెలుపులా అలవాటైపోతుంది. అందుకే బ్లెండర్ 4.3 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ అయితే Color Management లో White Balance ఆన్ చేసి టెంపరేచర్ 4000 దగ్గర పెట్టండి. గోడ లేత మీగడ రంగులోకి వస్తుంది, దీపం చుట్టూ మాత్రం బంగారు రంగు నిలబడుతుంది. పాత వెర్షన్ అయితే ఆ తేడాని లైట్లలోనే చూపించండి: గోడకి 4500, మంటకి 2400. అంకెలు నిజానివి కావు, కానీ రెండిటి మధ్య ఎడం నిజమైనదిలాగే కనబడుతుంది.

టేకు టెక్స్చర్ సాచురేషన్ కూడా పదిహేను ఇరవై శాతం తగ్గించండి. ఇంటర్నెట్‌లో దొరికే చెక్క టెక్స్చర్లు చాలావరకు ముందే ఎర్రగా ఉంటాయి, వాటి మీద వార్మ్ లైటు పడితే ఇటుక రంగుకి తిరిగిపోతాయి. మామిడాకుల తోరణం, ఒక మల్లెదండ ఉంటే ఇంకా మంచిది, పైగా అవి ఎలాగూ ఉండేవే. మల్లెల్ని దీపానికి దూరంగా, గోడ లైటు పడే చోట పెట్టండి, అప్పుడే తెల్లగా కనబడతాయి.

ఇప్పుడు ఇత్తడి. పవర్ పెంచితే తెల్లగా పేలుతోంది అన్నారు కదా, అది ఇత్తడి మెటీరియల్ తప్పు కాకపోవచ్చు. మీ సీన్‌లో మంట రెండుసార్లు ఉంది: కనబడే మంట మెష్ ఒకటి, వెలుగిచ్చే పాయింట్ లైటు ఇంకొకటి. పాయింట్ లైటు ఇత్తడిలో గుండ్రటి తెల్ల బంతిలా ప్రతిఫలిస్తుంది, పవర్ పెంచినకొద్దీ ఆ బంతే పేలుతుంది. ఆ లైటుని ఎంచుకుని Ray Visibility లో Glossy తీసేయండి. మంట మెష్‌కి దీనికి ఎదురు చేయాలి, Diffuse తీసేసి Glossy ఉంచాలి. అప్పుడు గోడకీ పటానికీ వెలుగు పాయింట్ లైటు నుంచి వస్తుంది, ఇత్తడిలో కనబడేది మాత్రం అసలు మంట ఆకారం, పొడుగ్గా, సన్నగా. నూనె మీద కూడా అదే కనబడుతుంది. ఈ ఒక్క మార్పుతో రెండర్‌లో చుక్కలు చుక్కలుగా వచ్చే నాయిస్ కూడా తగ్గుతుంది.

ఇత్తడికి Metallic 1, రంగు 0.9, 0.78, 0.42 దగ్గర, Roughness 0.2. అద్దంలా 0.05 పెట్టకండి. చింతపండుతో తోమిన కుందిని దగ్గరగా చూడండి, మెరుస్తుంది కానీ అద్దంలా ఉండదు, తోమిన దారిలో సన్నటి గుండ్రటి గీతలుంటాయి, వత్తి పెట్టే ముక్కు దగ్గర నూనె మాడి నల్లబడి ఉంటుంది, కాడ మీద కుంకుమ బొట్లుంటాయి. ఈ మూడూ పెడితే కుంది వాడుకలో ఉన్నదిలా కనబడుతుంది. ఇంకొకటి, ఇత్తడికి సొంత రంగు తక్కువ, ఎదురుగా ఉన్నదే అందులో కనబడుతుంది. మీరు మూలలో రెండు గోడలు మాత్రమే కట్టి కెమెరా వెనక ఖాళీ వదిలేస్తే కుంది ముందు భాగం నల్లగా వస్తుంది. కెమెరా వెనక కూడా మామూలు గది పెట్టె ఒకటి కట్టేయండి, హాలు లైటు మసకగా పడుతున్నట్టు. కుంది కడుపు మీద ఆ మసక గీత పడగానే లోహం లోహంలా తెలుస్తుంది.

మంట దగ్గర ఇంకాస్త ఆగుదాం, ఎందుకంటే చూసేవాళ్ళ కళ్ళు మొదట అక్కడికే పోతాయి. మా అమ్మ పెట్టే దీపాన్ని ఒకరోజు గది లైట్లు ఆపి, ఫోన్‌లో ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి ఫొటో తీశాను. మంట ఎత్తు రెండున్నర సెంటీమీటర్లు, అంతే. అడుగున వత్తికి ఆనుకుని సన్నగా నీలం, వత్తి చుట్టూ కాస్త మసక, నడుమ నుంచి పైకి గట్టి వెలుగు, కొనలో నారింజ. మనం రెండర్‌లో పెట్టే మంటలు ఎక్కువగా నాలుగైదు సెంటీమీటర్లుండి, అడుగు నుంచి కొన దాకా ఒకే పసుపులో ఉంటాయి, అందుకే ప్లాస్టిక్ బల్బులా కనబడతాయి. మెష్‌కి పొడవునా ఒక కలర్ ర్యాంప్ ఇచ్చి, అడుగుభాగాన్ని పారదర్శకంగా వదిలితే చాలు. రెండు వత్తులు కలిపి వేసే అలవాటుంటే మంట అడుగు కాస్త వెడల్పుగా చేయండి. వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ AgX లో ఉండాలి, 4.0 నుంచి అదే డిఫాల్ట్. Standard లో ఉంటే మంట నడిమి భాగం చదునైన పసుపు ముక్కలా కోసుకుపోతుంది.

దీపం కింద చీకటి అంటాం కదా, రెండర్‌లో చాలామంది పోగొట్టుకునేది సరిగ్గా ఆ చీకటినే. మంట ముక్కు మీద ఉంటుంది, కుంది గిన్నె దాని కింద ఉంటుంది, కాబట్టి గిన్నె నీడ పీట మీద గుండ్రంగా పడాలి, ఆ నీడ బయట నుంచి వెలుగు మొదలవ్వాలి. పాయింట్ లైటుని గిన్నెకి పైన గాలిలో పది సెంటీమీటర్ల ఎత్తున పెట్టినా, దాని రేడియస్ పెద్దగా ఇచ్చినా ఆ నీడ చెరిగిపోయి కుంది గాలిలో తేలినట్టు అవుతుంది. లైటు సరిగ్గా మంట నడుమ ఉండాలి, రేడియస్ 5 నుంచి 8 మిల్లీమీటర్లు. మీ రెండర్‌లో కుంది అడుగు చూడండి. అక్కడ చీకటి లేకపోతే ఇదే కారణం.

చెక్కడం కనబడకపోవడానికి కారణం లైటు వచ్చే దిక్కు. మందిరం వెనక స్ట్రిప్ పెడితే గోడ వెలుగుతుంది, మందిరం ముందు వైపు నీడలో పడుతుంది. అప్పుడు అందరూ కెమెరా పక్క నుంచి ఒక పెద్ద లైటు వేస్తారు. ఎదుటి నుంచి పడే వెలుగు లతల్నీ పద్మాల్నీ అన్నిటినీ చదును చేసేస్తుంది, ఎందుకంటే నీడలన్నీ వస్తువు వెనక్కి పోతాయి. చెక్కడానికి కావలసింది గీరుకుంటూ పోయే వెలుగు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో చెక్క శిల్పాలు చేస్తారు, ఆ ఊరు వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన తను చెక్కుతున్న పలకని మాటిమాటికీ కిటికీ వైపు అడ్డంగా తిప్పి చూసుకోవడం గమనించాను. వెలుగు పక్క నుంచి పడితేనే ఉలి ఎంత లోతు దిగిందో ఆయనకి తెలుస్తుంది. మీరూ అదే చేయాలి. సీలింగ్‌లో, మందిరం ముందుకి ఓ అడుగు దూరంలో, ఒక పక్కకి జరిపి చిన్న స్పాట్ పెట్టండి, పలక మీద 15–20 డిగ్రీల వాలులో పడేటట్టు. పవర్ చాలా తక్కువ, దీపం వెలుగుని మింగకూడదు. పై శిఖరం, స్తంభాలు ఈ లైటుతో తేలతాయి, కింద పీఠం దీపంతో తేలుతుంది.

లోతు కూడా నిజంగా ఉండాలి. నార్మల్ మ్యాప్ ఒక్కటే పెడితే ఇలాంటి వాలు వెలుగులో దొరికిపోతుంది, అది నీడ వేయదు. కెమెరాకి దగ్గరగా ఉన్న తోరణం, స్తంభాల పద్మాలు మోడల్‌గానో డిస్‌ప్లేస్‌మెంట్‌తోనో చేయండి, 8 నుంచి 10 మిల్లీమీటర్ల లోతు చాలు. చెక్క చార దిశ చూసుకోండి, నిలువు స్తంభానికి చార నిలువుగా, అడ్డ పట్టీకి అడ్డంగా. నేను చూసిన రెండర్లలో సగం ఇక్కడే తేలిపోతాయి, మొత్తం మందిరం ఒకే దుంగలోంచి కోసినట్టు ఉంటుంది.

మందిరాన్ని గోడకి ఆనించి ఉంటే రెండున్నర అంగుళాలు ముందుకి లాగండి. ఆనించినప్పుడు స్ట్రిప్ వెలుగు అంచు చుట్టూ ఒక గట్టి గీతలా వస్తుంది. ఆ ఎడం ఉంటే గోడ మీద మెత్తగా పాకుతుంది. స్ట్రిప్ కూడా కెమెరాకి కనబడకూడదు, చుక్కలు చుక్కలుగా అసలు కనబడకూడదు.

ఇక్కడ రెండర్ దాటి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన బొమ్మ చూసి వడ్రంగి అలాగే కట్టేస్తాడు. చాలా ఏళ్ల క్రితం ఒక ఇంటికి చేసిన రెండర్‌లో కుందుల్ని చెక్కిన తోరణం కిందే పెట్టాను, మంటకీ తోరణానికీ మధ్య జానెడు ఎడం కూడా లేదు. బొమ్మలో చాలా బాగుంది, వాళ్ళకి నచ్చింది, అచ్చం అలాగే చేయించుకున్నారు. మూడు నెలలకి ఆ ఇంటావిడ ఫోన్ చేసి రమ్మంది. తోరణం అడుగున పాలిష్ పొక్కి, లత నడుమ మసి పట్టి నల్లగా అయిపోయింది, చెక్కడంలోకి దిగిన మసి ఎంత తుడిచినా రాలేదు. ఆ కర్ర ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది, అప్పటికి పొద్దున దీపం కొండెక్కి పావుగంటే అయ్యింది. అది నా తప్పే. అప్పటి నుంచి దీపాల్ని మందిరం లోపల పెట్టను. పీఠం కింద నుంచి ముందుకి లాగే పలక ఒకటి పెట్టి, దాని మీద ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో కుందులు. పైన చెక్క ఉండదు. చిత్రంగా రెండర్‌కి కూడా ఇదే మేలు: మంట ముందుకి రాగానే వెలుగు దేవుడి ముఖం మీదకి కింది నుంచి, ఎదురుగా పడుతుంది. లోపల ఉన్నప్పుడు పటం అంచుకే తగిలేది.

చివరగా పని సులువు చేసుకోవడం. ప్రతి మార్పుకీ మళ్ళీ రెండర్ వేస్తూ కూర్చోకండి. View Layer లో Light Groups ఉంటాయి, 3.2 నుంచి వచ్చాయి. deepam, goda, spot అని మూడు గ్రూపులు చేసి ఒక్కో లైటుని ఒక్కో దాంట్లో వేయండి, మంట మెష్‌ని కూడా deepam లోనే వేయండి, వరల్డ్‌లో ఏమైనా వెలుగుంటే దానికీ ఒక గ్రూపు ఇవ్వండి. ఒకసారి రెండర్ అయ్యాక కంపోజిటర్‌లో మూడూ విడివిడిగా వస్తాయి, వాటిని Add లో కలిపితే అసలు బొమ్మే వస్తుంది, ఏ గ్రూపు ఎంత ఉండాలో అక్కడే తగ్గించి పెంచి చూడొచ్చు. డీనాయిజ్ మాత్రం ఒక్కో గ్రూపుకి విడిగా చేయండి, దీపం గ్రూపులో నాయిస్ ఎక్కువ ఉంటుంది. గ్లేర్ ఇవ్వాలంటే మంట చుట్టూ ఒక వేలు మందం చాలు, అంతకంటే ఎక్కువైతే పొగమంచులో దీపం పెట్టినట్టుంటుంది.

ఈ మధ్య చేసిన ఒక ఫ్లాట్‌లో నాలుగడుగుల మూల, రెండున్నర అడుగుల వెడల్పు టేకు మందిరం. మొదటి బొమ్మ చూసి వాళ్ళింటి బామ్మగారు "దీపం పెట్టలేదేం నాయనా" అన్నారు. మంట కనబడుతూనే ఉంది, ఆవిడకి వెలుగు కనబడలేదు. గోడ గ్రూపుని 0.12కి, స్పాట్‌ని 0.3కి తగ్గించాను, దీపం 1 దగ్గరే ఉంచి ఎక్స్‌పోజర్ పెంచాను, కుందుల్ని ముందు పలక మీదకి తెచ్చాను. మోడల్‌లో ఇంకేమీ మార్చలేదు. రెండో బొమ్మ చూపించినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు, ఫోన్ దగ్గరగా పెట్టుకుని దణ్ణం పెట్టుకున్నారు.

మీరు deepam గ్రూపు ఒక్కటే ఉన్న రెండర్ తీసి పెట్టండి, కుంది అడుగు కనబడేలా. మందిరానికీ గోడకీ ఎంత ఎడం ఉందో కూడా రాయండి. చూసి మిగతాది చెప్తాను.